బయటి ప్రయాణాలకు గట్టి బ్లూటూత్ స్పీకర్‌ను ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ళ క్రితం నా దగ్గర ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉండేది. నీటిలో మునిగినా పాడుకాదని దాని పెట్టె మీద రాసి ఉంది, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పడవలో నుంచి జారి చెరువులో పడినప్పుడు అది మహా అయితే రెండు క్షణాలు పైన కనిపించి, నిదానంగా అడుగుకు చేరిపోయింది. లోపలికి నీరు చేరిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు, ఎందుకంటే అది మళ్ళీ దొరకలేదు. కొనేటప్పుడు నేను “తడిస్తే ఏమవుతుంది” అని అడిగాను గానీ “పడితే తేలుతుందా” అని అడగలేదు. స్పీకర్ ఎంపికలో ఎక్కువ పొరపాట్లు ఇలాగే జరుగుతాయి. పెట్టె మీది అంకె ఒక ప్రశ్నకు సమాధానం చెబుతుంది, మనకు కావలసినది వేరొక ప్రశ్న అయి ఉంటుంది.

ముందు ప్రయాణాన్ని కాగితం మీద పెట్టండి

దుకాణంలో స్పీకర్లను చూడడానికి ముందు మీ ప్రయాణం గురించి నాలుగు విషయాలు రాసుకోండి. స్పీకర్‌కు తగిలేది మంచినీరా, ఉప్పునీరా, ఇసుకా, వానా అన్నది మొదటిది. చార్జింగ్ సౌకర్యం లేకుండా మొత్తం ఎన్ని గంటలు వాడతారన్నది రెండవది. వినేవారు స్పీకర్‌కు ఎంత దూరంలో కూర్చుంటారు, అక్కడ గాలి లేదా నీటి హోరు ఎంత ఉంటుంది అన్నది మూడవది. దాన్ని ఎవరు, ఎంత దూరం మోయాలన్నది నాలుగవది.

ఈ వ్యాసంలో ఒక ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఆరుగురు మిత్రులు మూడు రోజులు ఒక ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుంటారు. పగలు చిన్న పడవలో తిరుగుతారు, సాయంత్రం ఒడ్డున కూర్చుంటారు. రోజుకు ఐదు గంటల చొప్పున మొత్తం 15 గంటల సంగీతం కావాలి. వినేవారు స్పీకర్‌కు సుమారు నాలుగు మీటర్ల దూరంలో ఉంటారు, పక్కనే ఏరు పారుతున్న చప్పుడు ఉంటుంది. విద్యుత్తు లేదు, ఒక పవర్ బ్యాంక్ ఉంది.

దుమ్ము, నీటి రేటింగును చదవడం

ఐపీ67, ఐపీఎక్స్5 వంటి గుర్తులు ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చినవి. వీటిలో మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి చెందుతుంది. అంకె ఉండవలసిన చోట “ఎక్స్” ఉంటే ఆ రక్షణకు రేటింగు ఇవ్వలేదని మాత్రమే అర్థం, రక్షణ అసలు లేదని కాదు. అయినా ఇసుక ఉన్న చోటికి వెళ్ళేవారు ఆ ఎక్స్‌ను సున్నాగా భావించడమే క్షేమం. మొదటి అంకె 5 అయితే కొంత దుమ్ము లోపలికి పోవచ్చు గాని పనికి ఆటంకం కలిగించేంత పోదు, 6 అయితే అసలే పోదు. ఈ పరీక్షను టాల్కం వంటి మెత్తని పొడితో చేస్తారు. అందువల్ల అది సన్నని దుమ్ము గురించి చెబుతుందే తప్ప, గరుకైన ఇసుకరేణువులు రబ్బరు భాగాలను గీయడం గురించి ఏమీ చెప్పదు.

నీటి అంకె దగ్గర చాలామంది ఒక పెద్ద పొరపాటు చేస్తారు. 7 అనేది 5 కంటే పెద్దది కాబట్టి, 7 ఉన్న స్పీకర్ 5 పరీక్షను కూడా తట్టుకుంటుందని అనుకుంటారు. ఆ ప్రమాణంలో అలాంటి నియమం లేదు. 5 అంటే 6.3 మిల్లీమీటర్ల గొట్టం నుంచి నిమిషానికి 12.5 లీటర్ల ధారను అన్ని వైపుల నుంచీ కొట్టడం. 7 అంటే ఒక మీటరు లోతు నిశ్చలమైన నీటిలో 30 నిమిషాలు ముంచి ఉంచడం. ధార తగిలిన చోట రబ్బరు మూత లేచిపోవచ్చు. ముంచినప్పుడు నీటి ఒత్తిడి అదే మూతను లోపలికి నొక్కి ఇంకా బిగించవచ్చు. రెండు పరీక్షలనూ నెగ్గిన వస్తువుకు రెండు గుర్తులూ కలిపి రాస్తారు. ఈదురుగాలితో కొట్టే వానలోనూ, పడవ ముందు భాగంలో ఎగిసే నీటిలోనూ వాడదలచినవారు అలాంటి జంట గుర్తు కోసం వెతకడం మంచిది. రెండవ అంకె 8 అయితే, 7 కంటే కఠినమైన పరిస్థితిలో ముంచారని అర్థం. ఆ లోతు, ఆ సమయం తయారీదారు చెప్పినవే కాబట్టి వివరాల పత్రంలో వాటిని వెతికి చదవాలి.

ఈ పరీక్షలన్నీ కొత్త వస్తువు మీద, మంచినీటితో జరుగుతాయి. ఉప్పునీరు, ఈతకొలనులోని క్లోరిన్, సబ్బు, సన్‌స్క్రీన్ లోషన్ వీటిలో భాగం కావు. ఉప్పు చార్జింగ్ పోర్టులోని లోహాన్ని తినేస్తుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గించడం వల్ల మామూలు నీరు పోని సందుల్లోకి కూడా పోతుంది. కాబట్టి సముద్రతీరానికి తీసుకువెళ్ళిన స్పీకర్‌ను అదే రోజు మంచినీటితో కడిగి ఆరబెట్టడం తప్పనిసరి.

వేడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముంచే పరీక్షలో నీటికీ వస్తువుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలకు మించకుండా చూస్తారు. మీరేమో ఎండలో 50 డిగ్రీలకు కాగిన స్పీకర్‌ను 25 డిగ్రీల నీటిలో పడేస్తారు. పూర్తిగా మూసి ఉన్న పెట్టెలో గాలి అంతగా చల్లబడితే లోపలి ఒత్తిడి దాదాపు 8 శాతం పడిపోతుంది. అది మరో 80 సెంటీమీటర్ల లోతుకు ముంచినట్టే లెక్క. స్పీకర్‌లోని రబ్బరు పొరలు కొంత లోపలికి వంగి ఈ తేడాను సర్దుకుంటాయి, అయినా సీలు పాతబడిన స్పీకర్ నీటిని పీల్చుకునేది సాధారణంగా ఇలాంటి క్షణంలోనే. ఎండలో ఉన్నదాన్ని ముందు కొంతసేపు నీడలో పెట్టండి.

చివరగా చార్జింగ్ పోర్టును చూడండి. కొన్ని స్పీకర్లలో పోర్టుకు లోపలే సీలు ఉంటుంది, మూత ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. మరికొన్నింటిలో రేటింగు మొత్తం ఒక రబ్బరు మూత మీద ఆధారపడి ఉంటుంది. సూచనల పుస్తకంలో “మూత పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే” అనే వాక్యం ఉంటే అది రెండో రకం. అలాంటి మూతను తెరిచి, అంచుకు ఉన్న గాడిని వేలి గోటితో తడిమి చూడండి. ఒక్క ఇసుకరేణువు ఆ గాడిలో ఉన్నా మూత పైకి మూసుకున్నట్టే కనిపిస్తుంది కాని నీటిని ఆపదు.

తేలుతుందో లేదో కొనకముందే లెక్కకట్టడం

ఐపీ రేటింగుకూ తేలడానికీ ఏ సంబంధమూ లేదు. వస్తువు తన ఘనపరిమాణానికి సమానమైన నీటికంటే తేలికగా ఉంటే తేలుతుంది, బరువుగా ఉంటే మునుగుతుంది. ఒక ఘనసెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి ఈ లెక్క చాలా సులువు. గుండ్రని గొట్టంలా ఉన్న స్పీకర్‌కు వ్యాసార్థాన్ని వ్యాసార్థంతో గుణించి, దాన్ని 3.14తో, తరువాత పొడవుతో గుణించండి. 9.5 సెంటీమీటర్ల వ్యాసం, 22 సెంటీమీటర్ల పొడవు ఉన్న స్పీకర్ ఘనపరిమాణం సుమారు 1,560 ఘనసెంటీమీటర్లు. దాని బరువు 960 గ్రాములైతే తేలుతుంది. బరువు 1,500 గ్రాములైతే లెక్క ప్రకారం తేలాలి గాని, నిజానికి మునగవచ్చు. ఎందుకంటే గ్రిల్ వెనుకా, బాస్ కోసం రెండు చివర్లలో అమర్చే పాసివ్ రేడియేటర్లనే కంపించే పొరల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి నీరు చేరి, ఆ మేరకు ఘనపరిమాణం తగ్గిపోతుంది. గ్రాముల్లో బరువు ఘనసెంటీమీటర్లలోని పరిమాణానికి ముప్పాతిక కంటే తక్కువ ఉంటేనే నేను ధైర్యంగా “తేలుతుంది” అనుకుంటాను.

తేలడంలో కూడా రెండు రకాలున్నాయి. కొన్ని స్పీకర్లు శబ్దం వచ్చే వైపు పైకి ఉండేలా తేలతాయి, వాటిని ఈతకొలనులో వదిలి పాటలు వినవచ్చు. మరికొన్ని బోర్లా తిరిగి, ముఖం నీటిలోనే ఉంచి తేలతాయి. ఇవి పోకుండా దొరుకుతాయి, అంతవరకే. బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చేసుకుంటుంది. అందువల్ల యాంటెన్నా నీటి కిందికి వెళ్ళిన వెంటనే పాట తెగిపోతుంది. తేలే స్పీకర్ కూడా ప్రవాహంలో కొట్టుకుపోతుందన్న సంగతి మరవకండి, దానికి తాడు కట్టుకునే కొక్కెం ఉందో లేదో చూసుకోండి. మీ ప్రయాణంలో పడవే లేకపోతే ఈ విభాగం మొత్తాన్ని పక్కన పెట్టవచ్చు. తేలడం కోసం తయారీదారు బరువు తగ్గిస్తాడు, బరువు తగ్గించే క్రమంలో బ్యాటరీనో అయస్కాంతాన్నో చిన్నది చేయవలసి రావచ్చు.

బ్యాటరీని వాట్-అవర్లలో పోల్చండి

ఒక పెట్టె మీద 5,000 మిల్లీ ఆంపియర్ అవర్లు, మరో పెట్టె మీద 2,600 అని ఉంటే మొదటిది రెట్టింపు పెద్దదని అనిపిస్తుంది. మొదటిదానిలో వోల్టేజి 3.6, రెండవదానిలో రెండు సెల్లులను వరుసగా కలపడం వల్ల 7.2 అయితే మాత్రం లెక్క మారిపోతుంది. మిల్లీ ఆంపియర్ అవర్లను వోల్టేజితో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. మొదటిది 18 వాట్-అవర్లు, రెండవది 18.7 వాట్-అవర్లు. అంటే రెండూ ఇంచుమించు సమానమే. వాట్-అవర్ల అంకెను చాలా స్పీకర్ల వివరాల పత్రంలో నేరుగానే ఇస్తారు. విమానంలో వెళ్ళేవారికీ ఇదే అంకె అవసరం. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీలకు సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 వరకు విమానయాన సంస్థ అనుమతి కావాలి.

ఇప్పుడు “20 గంటలు పనిచేస్తుంది” అన్న వాగ్దానాన్ని పరీక్షిద్దాం. బ్యాటరీ 27 వాట్-అవర్లయితే, దాన్ని 20తో భాగించండి. గంటకు 1.35 వాట్-అవర్లు, అంటే సగటున 1.35 వాట్లు. అదే పెట్టె మీద “30 వాట్లు” అని ఉంటుంది. 30 వాట్ల స్పీకర్ సగటున 1.35 వాట్లతో నడిచిందంటే ఆ పరీక్షలో దాన్ని ఎంత నెమ్మదిగా మోగించారో మీరే ఊహించుకోవచ్చు. ఆరుబయట వాల్యూమ్ పెంచినప్పుడు అది సగటున 6 వాట్లు తీసుకుంటే అదే బ్యాటరీ నాలుగున్నర గంటల్లో ఖాళీ అవుతుంది. ఈ ఒక్క భాగహారం చేసే అలవాటు ఉంటే చాలా నిరాశ తప్పుతుంది. రంగురంగుల లైట్లు ఉన్న స్పీకర్ అయితే వాటిని ఆపేసే వీలుందో లేదో కూడా చూడండి.

పవర్ బ్యాంక్ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లను 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్-అవర్లు. మార్పిడిలో పోయే నష్టాన్ని తీసేస్తే, 27 వాట్-అవర్ల స్పీకర్‌ను దాదాపు ఒకసారి నింపుతుంది, అంతకు మించి ఆశించవద్దు. తడి పోర్టులో మాత్రం తీగ పెట్టకూడదు, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

నిజంగా ఎంత గట్టిగా వినిపిస్తుంది

వాట్లు స్పీకర్‌లోకి వెళ్ళే విద్యుత్తును చెబుతాయి, బయటికి వచ్చే శబ్దాన్ని చెప్పవు. అదే విద్యుత్తుతో ఒక స్పీకర్ ఎక్కువ శబ్దం చేయగలదు, మరొకటి తక్కువ. శబ్దానికి కొలమానం డెసిబెల్. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి 20 వాట్ల స్పీకర్‌కూ 30 వాట్ల స్పీకర్‌కూ మధ్య తేడా కాగితం మీద ఉన్నంత చెవికి తెలియదు.

ఆరుబయట మరో ఇబ్బంది ఉంది. గదిలో గోడలు శబ్దాన్ని తిరిగి మనవైపు పంపుతాయి, మైదానంలో ఆ సాయం ఉండదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఒక మీటరు దగ్గర 88 ఉన్నది రెండు మీటర్ల దగ్గర 82, నాలుగు మీటర్ల దగ్గర 76, ఎనిమిది మీటర్ల దగ్గర 70 అవుతుంది. దుకాణంలోని చిన్న గదిలో చెవులు చిల్లులు పడేలా మోగిన స్పీకర్ ఏటి ఒడ్డున నీరసంగా అనిపించడానికి కారణం ఇదే.

వీలైతే స్పీకర్‌ను ఆరుబయటకు తెచ్చి ఇలా పరీక్షించండి. ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే యాప్ వేసుకొని, స్పీకర్ ముందు సరిగ్గా ఒక మీటరు దూరంలో పెట్టండి. డ్రమ్స్, గొంతు రెండూ ఉన్న ఒకే పాటను, ఒకే భాగాన్ని అన్ని స్పీకర్ల మీదా మోగించండి. ఫోన్ చెప్పే అంకె అసలు విలువకు కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ ఉండవచ్చు, కాని ఒకే ఫోన్‌తో, ఒకే దూరంలో చేసే పోలికకు అది సరిపోతుంది.

అంకె చూసిన తరువాత చెవితో వినండి. సగం వాల్యూమ్ నుంచి ఒక్కొక్క మెట్టు పెంచుతూ డ్రమ్ దెబ్బ మీదే దృష్టి పెట్టండి. మొదట్లో గొంతుతో పాటు డ్రమ్ కూడా పెరుగుతుంది. ఒక మెట్టు దగ్గర గొంతు మాత్రమే ముందుకు వచ్చి, డ్రమ్ అట్ట డబ్బా మీద కొట్టినట్టు పలచబడుతుంది. శబ్దం పుట్టించే చిన్న డ్రైవర్ దెబ్బతినకుండా లోపలి సర్క్యూట్ అక్కడి నుంచి బాస్‌ను కోసేయడం మొదలుపెట్టిందని దాని అర్థం. నా దృష్టిలో ఆ స్పీకర్ నిజమైన గరిష్ఠ వాల్యూమ్ ఆ మెట్టే, దాని పైనున్న మెట్లు అలంకారానికి ఉన్నవే. అందుకే డెసిబెల్స్‌ను కూడా ఆ మెట్టు దగ్గరే నమోదు చేయండి.

మన ఉదాహరణలో నిర్ణయం

మూడు స్పీకర్లు మన ముందున్నాయనుకుందాం. మొదటిది 550 గ్రాములు, ఐపీ67, 17 వాట్-అవర్లు, 12 గంటల వాగ్దానం. డ్రమ్ పలచబడే మెట్టు దగ్గర ఒక మీటరులో 82 డెసిబెల్స్. రెండవది పైన లెక్కకట్టిన 960 గ్రాముల గొట్టం. ఐపీ67, 27 వాట్-అవర్లు, 20 గంటల వాగ్దానం, 88 డెసిబెల్స్. మూడవది మూడు కిలోల పెట్టె. ఐపీఎక్స్4, 50 వాట్-అవర్లు, 95 డెసిబెల్స్.

ఏటి హోరు మనం కూర్చునే చోట 58 డెసిబెల్స్ ఉందనుకుంటే, పాట దానికి 10 పైన, అంటే 68 ఉండాలి. నాలుగు మీటర్ల దగ్గర 68 రావాలంటే ఒక మీటరు దగ్గర 80 కావాలి. మొదటి స్పీకర్‌కు మిగిలేది 2 డెసిబెల్స్ మాత్రమే. అది మూడు రోజులూ తన శక్తి చివరి అంచున మోగాలి, బ్యాటరీ కూడా అదే వేగంతో తరిగిపోతుంది. రెండవదానికి 8 డెసిబెల్స్ వెసులుబాటు ఉంది. మూడవది శబ్దంలో అందరికంటే ముందున్నా, దాని రేటింగులోని 4 అనే అంకె చిందిన నీటి వరకే హామీ ఇస్తుంది, దుమ్ము గురించి అసలు మాట్లాడదు. పడవ ప్రయాణానికి, ఇసుక ఒడ్డుకు అది సరిపోదు. కారు పక్కనే గుడారం వేసుకునే పొడి ప్రదేశమైతే నేను దాన్నే తీసుకునేవాడిని.

మిగిలింది రెండవది. అది ఈ వాల్యూమ్‌లో సగటున 3 వాట్లు తీసుకుంటుందని జాగ్రత్తగా లెక్కవేసుకుంటే 27 వాట్-అవర్లు 9 గంటలు వస్తాయి. మనకు 15 గంటలు కావాలి. పవర్ బ్యాంక్‌తో ఒకసారి నింపితే 18 గంటలవుతుంది, అంటే సరిపోతుంది. కాని ఆ పవర్ బ్యాంక్ మీద ఫోన్లు కూడా ఆధారపడితే సరిపోదు, మరో పవర్ బ్యాంక్ తీసుకువెళ్ళాలి. స్పీకర్‌ను వినేవారికి రెండు మీటర్ల దగ్గరకు జరపడం అంతకంటే తేలికైన ఉపాయం. 6 డెసిబెల్స్ ఊరికే కలిసి వస్తాయి, ఆ మేరకు వాల్యూమ్ తగ్గించుకోవచ్చు.

కొన్న తరువాత, వాపసు గడువు లోపల

పెట్టె తెరిచిన రోజునే ముందుగా స్పీకర్‌ను పూర్తిగా చార్జి చేసి, మీరు నిజంగా వాడబోయే వాల్యూమ్‌లో ఆగిపోయేదాకా మోగించి సమయం రాసుకోండి. మనం వేసుకున్న 3 వాట్ల అంచనా సరైనదో కాదో అక్కడే తేలిపోతుంది. తరువాత సీళ్ళనూ మూతనూ చూసి, నీడలో చల్లబరిచి, మంచినీటి బకెట్‌లో పది నిమిషాలు వదలండి. తేలుతుందా, ఏ వైపు పైకి ఉంటుంది అన్నది గమనించండి. బయటికి తీశాక కొంతసేపు శబ్దం మూసుకుపోయినట్టు వినిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది గ్రిల్ గుడ్డలో నిలిచిన నీరు, స్పీకర్‌ను నిలబెట్టి బాస్ ఉన్న పాట పెడితే చుక్కలు ఎగిరి బయటపడతాయి. ఒక రాత్రి ఆరిన తరువాత కూడా శబ్దం అలాగే ఉంటే, లేదా ఊపినప్పుడు లోపల నీరు కదిలిన చప్పుడు వినిపిస్తే, దాన్ని చార్జింగ్‌కు పెట్టకుండా అలాగే వెనక్కి పంపించండి.